హెచ్‌ఓడీలందరూ ఒకే గడిలో పడితే స్టేక్‌హోల్డర్ మ్యాప్ ఎలా గీయాలి?

ప్రశ్న: "మా హాస్పిటల్లో డిశ్చార్జ్ ఆలస్యం తగ్గించే ప్రాజెక్టు నాకు ఇచ్చారు. ఆరుగురు హెచ్‌ఓడీలు, ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. పావుగంట కూర్చునే తీరిక ఎవరికీ లేదు. పవర్-ఇంట్రెస్ట్ గ్రిడ్ గీస్తే అందరూ 'పవర్ ఎక్కువ, ఇంట్రెస్ట్ ఎక్కువ' గడిలోనే పడ్డారు. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏం అడగాలి?"

జవాబు:

ఎవరికి ఎంత అధికారం, ఎంత ఆసక్తి అని చూసి మనుషుల్ని నాలుగు గడుల్లో పెట్టేదే పవర్-ఇంట్రెస్ట్ గ్రిడ్. మీరు దాన్ని సరిగ్గానే గీశారు. అది ఈ పనికి సరిపోదు, అంతే. ప్రభుత్వం, వాటాదారులు, ఉద్యోగులు, చుట్టుపక్కల జనం ఇలా బొత్తిగా వేర్వేరు వాళ్లు ఉన్నప్పుడు ఎవరిని ఎంత దగ్గరగా పట్టించుకోవాలో ఆ గ్రిడ్ చెబుతుంది. ఒకే సంస్థలో ఒకే హోదాలో ఉన్న ఆరుగురిని అందులో పెడితే ఆరుగురూ ఒకే చోట పడతారు. డిశ్చార్జ్‌ని ఆపగల శక్తి అందరికీ ఉంది, దాని వల్ల వచ్చే తలనొప్పీ అందరికీ ఉంది.

అందుకని మనుషుల్ని మ్యాప్ చేయకండి. ముందు నిర్ణయాలు రాసుకోండి. ఒక్కో నిర్ణయం పక్కన ఎవరు ఏ పాత్రలో ఉన్నారో రాయండి. నేను హాస్పిటల్ ఆపరేషన్స్‌లో పదహారేళ్లుగా ఉన్నాను. ఈ సంగతి ఒక ప్రాజెక్టు చెడిపోయాకే నాకు తెలిసింది. మీదీ దాదాపు అదే ప్రాజెక్టు కాబట్టి దాన్నే వివరంగా చెబుతాను.

అది 250 పడకల హాస్పిటల్. ఉదయం రౌండ్స్‌లో డాక్టరు గారు "ఇవాళ ఇంటికి వెళ్లొచ్చు" అన్న దగ్గర్నుంచి పేషెంటు బెడ్ ఖాళీ చేసేసరికి డబ్బు కట్టేవాళ్లకి నాలుగు గంటలు, ఇన్సూరెన్స్ వాళ్లకి ఏడు గంటల దాకా పట్టేది. నేను మీలాగే గ్రిడ్ గీసి, హెచ్‌ఓడీలందరినీ ఒకే మీటింగుకి పిలిచాను. గంటన్నర సేపు అందరూ తలూపారు. మూడు వారాలు గడిచినా ఏ వార్డులోనూ ఏమీ మారలేదు. ఎందుకంటే ఆ మీటింగులో నేను అడిగింది "డిశ్చార్జ్ త్వరగా అవ్వాలి కదా?" అని. దానికి కాదనేవాళ్లు ఎవరుంటారు? "దీనికోసం మీరు ఏం వదులుకుంటారు?" అని నేను ఎవర్నీ అడగలేదు.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు, ఆలస్యం తగ్గాలంటే మారాల్సిన పనుల్ని నాలుగు నిర్ణయాలుగా విడగొట్టాం. రేపు వెళ్లబోయే పేషెంట్ల పేర్లు ఇవాళ సాయంత్రమే తేలాలి. వాళ్ల డిశ్చార్జ్ సమ్మరీ చిత్తుప్రతి రాత్రికే సిద్ధం కావాలి. వాడని మందులు రాత్రికే వార్డు నుంచి ఫార్మసీకి వెనక్కి వెళ్లాలి. బిల్లుని ముందురోజే ఒకసారి సరిచూసి పెట్టాలి. ఒక్కో నిర్ణయం పక్కన నాలుగు ప్రశ్నలు రాశాం: దీనికి సరే అనాల్సింది ఎవరు, చేతులతో పని చేయాల్సింది ఎవరి మనుషులు, ఆపాలనుకుంటే ఆపగలిగేది ఎవరు, దీనివల్ల ఎవరి లెక్క చెడుతుంది. ఈ నాలుగో ప్రశ్న మామూలు గ్రిడ్‌లో ఎక్కడా ఉండదు. గొడవలన్నీ దాని దగ్గరే మొదలవుతాయి.

మందుల వాపసునే తీసుకుందాం. పేషెంటు పేరు మీద తెచ్చిన మందుల్లో మిగిలినవి ఫార్మసీకి వెళ్లి, అక్కడ క్రెడిట్ పడితేనే ఫైనల్ బిల్లు మూయగలరు. అంతవరకూ బిల్లింగ్ కౌంటర్ ముందు పేషెంటు బంధువులు నిలబడే ఉంటారు. గ్రిడ్ ప్రకారం ఫార్మసీ హెడ్ "మార్పుకి ఒప్పుకోని మనిషి". మొదటి మీటింగులో ఆయన ఒక్కరే కాస్త గట్టిగా అభ్యంతరం చెప్పారు కాబట్టి నేనూ అలాగే అనుకున్నాను. రెండోసారి ఆయన దగ్గర కూర్చున్నప్పుడు అసలు విషయం తెలిసింది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వార్డులన్నీ మర్నాటికి కావాల్సిన మందుల ఇండెంట్లు పంపుతాయి, అప్పుడు కౌంటర్లో ఉండేది ఇద్దరే. అదే సమయంలో వాపసులు కూడా వస్తే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే నెలాఖరు స్టాకు తేడాకి జవాబు చెప్పాల్సింది ఆయనే. ఆయన కాదంటున్నది త్వరగా డిశ్చార్జ్ చేయడాన్ని కాదు, తన స్టాకు లెక్క చెడడాన్ని.

ఇది తెలిశాక దారి దొరికింది. వార్డులన్నిటి వాపసులూ అక్కర్లేదు, మర్నాడు వెళ్లబోయే పదిహేను, ఇరవై మంది పేషెంట్లవి చాలు. వాళ్లకి కూడా రాత్రి డోసు, ఉదయం డోసు వార్డులోనే ఉంచి మిగతావి పంపిస్తే సరి. రద్దీ తగ్గాక, తొమ్మిదిన్నరకి, ఒక్క ట్రాలీలో, జాబితాతో సహా రావాలి. జాబితా లేకుండా వచ్చిన వాపసు తీసుకునేది లేదని ఆయన షరతు పెట్టారు. అది న్యాయమైన షరతే. మ్యాప్‌లో ఆయన పక్కన "వ్యతిరేకం" అన్న మాట కొట్టేసి, "జాబితా ఉంటే సరే, స్టాకు తేడా రాకూడదు" అని రాశాను. మీ మ్యాప్‌లో కూడా మనిషి పక్కన విశేషణం కాకుండా షరతు ఉండాలి. "మొండి మనిషి" అని రాసుకుంటే మీరు చేయగలిగింది ఏమీ లేదు. "జాబితా కావాలి" అని రాసుకుంటే రేపు చేయాల్సిన పని తెలుస్తుంది.

ఇప్పుడు ఆ జాబితా ఎక్కడి నుంచి వస్తుంది? కన్సల్టెంట్ల నుంచి. రేపు ఎవరు వెళ్లొచ్చో సాయంత్రం వాళ్లు చెబితేనే ఫార్మసీకీ, బిల్లింగ్‌కీ, నర్సింగ్‌కీ పని మొదలవుతుంది. నా గ్రిడ్‌లో కన్సల్టెంట్ల తరఫు పెద్ద డాక్టరు గారు "ఇంట్రెస్ట్ తక్కువ" వైపు ఉన్నారు. డిశ్చార్జ్ ఆలస్యమైతే తిట్లు పడేది నర్సులకీ బిల్లింగ్‌కీ కాబట్టి ఆయనకి దాని సెగ తగిలేది కాదు. కానీ నాలుగు నిర్ణయాలనీ ఒకదానికొకటి బాణాలతో కలిపి చూస్తే, మిగతా మూడూ ఆయన సరే అన్నాకే కదులుతాయి. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలని మీరు అడిగారు కదా. ఎవరి మాట మీద మిగతా నిర్ణయాలు ఆధారపడి ఉన్నాయో వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఎక్కువ గట్టిగా మాట్లాడేవాళ్లనో, మీతో స్నేహంగా ఉండేవాళ్లనో ముందు కలవాలనిపిస్తుంది. ఆ వరుసలో వెళ్తే ఫార్మసీ హెడ్ దగ్గర ఒకటికి రెండుసార్లు టైము అడగాల్సి వస్తుంది, రెండోసారి ఆయన ఇవ్వరు.

ఇక టైము సంగతి. హెచ్‌ఓడీల టైముని ప్రాజెక్టు బడ్జెట్ లాగా చూడండి. నేను ఒక్కొక్కరికీ మొత్తం 45 నిమిషాలు అనుకున్నాను: మొదట ఇరవై, మధ్యలో పదిహేను, చివర్లో పది. అంతకు మించి అడగకూడదని నాకు నేనే హద్దు పెట్టుకున్నాను. హద్దు ఉంటేనే, వాళ్ల దగ్గర అడగాల్సింది ఏది, వేరే చోట తెలుసుకోగలిగింది ఏది అని విడదీస్తాం. ఎన్ని వాపసులు వస్తాయి, సమ్మరీ ఎవరు టైపు చేస్తారు, బిల్లు ఎక్కడ ఆగుతుంది ఇవేవీ హెచ్‌ఓడీని అడగాల్సినవి కావు. వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్, బిల్లింగ్ సూపర్‌వైజర్, ఫార్మసీలో రాత్రి షిఫ్టు అబ్బాయి చెబుతారు, వాళ్లు చెప్పేదే ఎక్కువ నిజం కూడా. హెచ్‌ఓడీలని కలిసే ముందు ఒక రెండు రోజులు వార్డులోనే గడపండి. ఒక్క జాగ్రత్త. కింద పనిచేసేవాళ్లు చెప్పిన వివరాన్ని నమ్మండి కానీ "మా మేడం ఒప్పుకోరండీ" అన్న మాటని హెచ్‌ఓడీ అభిప్రాయంగా మ్యాప్‌లోకి ఎక్కించకండి. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం గురించి నేను అలాగే ఎక్కించాను. ఆవిడని అడిగితే "నన్నెవరూ అడగలేదే" అన్నారు.

ఆ ఇరవై నిమిషాల్లో నేను అడిగేవి మూడే ప్రశ్నలు. "సోమవారం రివ్యూలో మిమ్మల్ని ఏ అంకె గురించి అడుగుతారు?" అన్నది మొదటిది. ప్రాధాన్యాలు ఏమిటని అడిగితే అందరూ పేషెంట్ సంతృప్తి అనే అంటారు. ఏ అంకెకి జవాబుదారీ అని అడిగితే నిజమైన ప్రాధాన్యం బయటికి వస్తుంది. రెండోది, "ఈ పని జరిగితే మీ డిపార్ట్‌మెంట్‌లో ఏ పని పెరుగుతుంది?" ఇలా అడగగానే ఎదుటి మనిషి ముఖంలో బిగువు తగ్గడం నేను చాలాసార్లు చూశాను. ప్రాజెక్టు వాళ్లు లాభాలే చెబుతారు, భారం గురించి అడగరు. మూడోది, "పైన ఎవర్నీ అడక్కుండా మీరే మార్చగలిగింది ఏమిటి?" దీనికి వచ్చే జవాబుతో ఆ మనిషికి నిజంగా ఎంత అధికారం ఉందో తెలుస్తుంది. హోదా పెద్దదై, అధికారం చిన్నదైన కుర్చీలు ప్రతి హాస్పిటల్లోనూ ఉంటాయి. లేచే ముందు, "నెక్స్ట్ టైమ్ మీ బదులు ఎవరితో మాట్లాడమంటారు, ఆయన మాట మీ మాటగా తీసుకోవచ్చా?" అని తప్పకుండా అడగండి. ఇది తేలకపోతే, తరవాతి మీటింగుకి హెచ్‌ఓడీ ఒక జూనియర్‌ని పంపుతారు, ఆయన "సార్‌ని అడిగి చెబుతా" అంటారు, మీ వారం పోతుంది.

పెద్ద డాక్టరు గారి ఇరవై నిమిషాలు దొరకడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. అపాయింట్‌మెంట్ కోసం మెయిళ్లు పెట్టడం మానేసి, ఆయన ఓపీ కోఆర్డినేటర్‌ని అడిగితే గురువారం ఆపరేషన్ల మధ్య కాస్త ఖాళీ ఉంటుందని చెప్పింది. ఆయనకి ఒకే ఒక్క కాగితం చూపించాను. అందులో ఆయన యూనిట్‌లో క్రితం వారం డిశ్చార్జ్ అయిన పన్నెండు మంది పేషెంట్లు, ఒక్కొక్కరూ ఎన్ని గంటలు ఆగారో, అందులో సమ్మరీ సంతకం కోసం ఆగింది ఎంతో ఉంది. "సాయంత్రం జాబితా మీరే చెప్పక్కర్లేదు. మీ డ్యూటీ డాక్టరు రాత్రి ఫోన్ చేసినప్పుడు 'రేపు వెళ్లొచ్చు' అనుకునేవాళ్ల పేర్లు చెబితే చాలు, తెల్లారి మీరు మార్చొచ్చు" అన్నాను. ఆయన భయం వేరే ఉంది. రాత్రి "వెళ్లొచ్చు" అన్న పేషెంటుకి తెల్లారేసరికి జ్వరం వస్తే, బంధువులు అప్పటికే కారు మాట్లాడుకుని ఉంటే, గొడవ తన మీదికి వస్తుందని. కాబట్టి ఆ జాబితా సిబ్బంది మధ్యే ఉండాలనీ, పేషెంటుకి మాత్రం ఉదయం రౌండ్స్‌లో తనే చెబుతాననీ షరతు పెట్టారు. మ్యాప్‌లో అదీ రాసుకున్నాం.

అన్ని గొడవలూ ఇలా షరతులతో తేలవు. ఫైనాన్స్ హెడ్ విషయం అలాంటిదే. ఆయన్ని అడిగే అంకె, పేషెంటు వెళ్లిపోయాక బయటపడే వసూలు కాని బిల్లులు ఎంత అని. నర్సింగ్ మేడంని అడిగే అంకె, మధ్యాహ్నం పన్నెండులోపు ఎన్ని బెడ్‌లు ఖాళీ అయ్యాయి అని. రెండు అంకెలూ పెట్టింది పైవాళ్లే, రెండూ న్యాయమైనవే, కానీ ఒకదాన్ని పట్టుకుంటే రెండోది జారిపోతుంది. ఇలాంటి చోట ఇద్దరు హెచ్‌ఓడీలనీ కూర్చోబెట్టి రాజీ చేయాలని చూడకండి. రాజీ పడే అధికారం వాళ్లకి లేదు. దాన్ని ఆ రెండు అంకెలూ పెట్టిన మనిషి దగ్గరికి, మా విషయంలో హాస్పిటల్ ఆపరేషన్స్ అంతటికీ పెద్ద అయిన సీఓఓ గారి దగ్గరికి, తీసుకెళ్లాలి. అయితే ఉత్త చేతులతో వెళ్లకూడదు. మేం ముందు మూడు వారాల బిల్లులు తిరగేసి, ఆలస్యంగా బయటపడ్డ చార్జీలు ఎక్కడివో చూశాం. వార్డువి చాలా తక్కువ. ఎక్కువ భాగం ఆపరేషన్ థియేటర్‌లో వాడిన సామాన్లు, వేరే డిపార్ట్‌మెంట్ డాక్టర్లు వచ్చి చూసిన విజిట్ ఫీజులు. అంటే ఫైనాన్స్ హెడ్ భయం నిజమే కానీ అది బిల్లంతటి గురించీ కాదు, ఈ రెండు రకాల చార్జీల గురించి.

సీఓఓ గారికి రెండే దారులు చూపించాం. ఇప్పటిలాగే ప్రతి బిల్లూ పూర్తిగా సరిచూశాకే మూయడం ఒకటి. థియేటర్ సామాన్లు, విజిట్ ఫీజులు ముందురోజు సాయంత్రమే సరిచూసి, మిగతాది ఉదయం వెంటనే మూసేసి, అందులో ఏదైనా తప్పిపోతే దాన్ని ఫైనాన్స్ లెక్కలోకి కాకుండా ప్రాజెక్టు లెక్కలోకి వేయడం రెండోది. ఆయన రెండోది మూడు నెలలకి ఒప్పుకున్నారు. ఫైనాన్స్ హెడ్‌ని కదిలించింది ఆ చివరి మాటే. పైవాళ్ల దగ్గరికి వెళ్లే ముందు ఆయనకి ఆ కాగితం చూపించి, "మీ మాట సరిగ్గా రాశానా?" అని అడిగాను. అలా అడక్కుండా వెళ్తే ఆయన దాన్ని ఫిర్యాదు అనుకునేవారు, ఆ తరవాత ఆయన దగ్గర నాకు ఐదు నిమిషాలు కూడా దొరికేవి కావు.

ఈ మొత్తంలో నేను పూర్తిగా వదిలేసిన డిపార్ట్‌మెంట్ ఒకటి ఉంది, ఇన్సూరెన్స్ డెస్క్. ముగ్గురే ఉంటారు, ఫైనాన్స్ కింద పనిచేస్తారు కాబట్టి విడిగా పెట్టలేదు. కానీ ఏడు గంటల ఆలస్యం వాళ్ల టేబుల్ మీదుగానే పోయేది. ఇన్సూరెన్స్ రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ రిక్వెస్ట్ అందిన మూడు గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. ఆ మూడు గంటల లెక్క మొదలయ్యేది మన ఫైలు వెళ్లాకే. సమ్మరీ సంతకం కాకుండానో, బిల్లు పూర్తి కాకుండానో ఫైలు వెళ్తే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ నుంచి క్వెరీ వస్తుంది, పని మళ్లీ మొదటికి వస్తుంది. ఆ డెస్క్‌లోని సీనియర్ అమ్మాయి ఒక నోట్‌బుక్‌లో ఏ కంపెనీ ఏ క్వెరీ అడుగుతుందో ఏడాదిగా రాసుకుంటోంది. మా సమ్మరీ నమూనా మార్చింది ఆ నోట్‌బుక్ చూసే. అధికారం లేదని మ్యాప్‌లోంచి తీసేసే ముందు, ఆ మనిషి సెలవు పెడితే ఏం ఆగిపోతుందో ఒక్కసారి అడిగి చూడండి.

మ్యాప్ గీసి వదిలేయకండి, రెండు వారాలకోసారి తిరగరాయండి. ఎవరైనా హెచ్‌ఓడీ మారినా, హాస్పిటళ్ల నాణ్యతకి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ ఆడిట్ దగ్గరపడినా వెంటనే మార్చండి. ఆడిట్ నెలలో నర్సింగ్ వాళ్లకీ క్వాలిటీ వాళ్లకీ ఇంకేదీ కనబడదు. నెలాఖరు మూడు రోజులు, కొత్త నెల మొదటి ఐదు రోజులు ఫైనాన్స్‌నీ ఫార్మసీనీ ఏమీ అడగకండి. ఆ రోజుల్లో వచ్చే "కుదరదు"కి అర్థం లేదు. "సరే" అన్నవాళ్లు నిజంగా సరే అన్నారా అన్నది మాటల్లో తెలియదు. వాళ్ల డ్యూటీ రోస్టర్‌లోనో, వాళ్లు సిబ్బందికి పెట్టిన మెసేజ్‌లోనో మీ పని కనిపించాలి. వారం దాటినా కనిపించకపోయినా, "ఇంకొంచెం డేటా కావాలి" అని రెండోసారి అన్నా, మీ మెయిల్‌కి జవాబిస్తూ ఉన్నట్టుండి పైవాళ్లని కాపీలో పెట్టినా, మీరు రాసుకున్న షరతు తప్పు. వాళ్లని తొందరపెట్టకుండా వెళ్లి, "ఏ పని పెరుగుతుంది?" అన్న రెండో ప్రశ్న మళ్లీ అడగండి.

ఇంకొకటి, ఇది చాలామందికి చెప్పాలనిపిస్తుంది. మ్యాప్‌ని షేర్డ్ డ్రైవ్‌లో పెట్టకండి, ప్రింట్ తీయకండి. నాకు తెలిసిన ఒక చోట హెచ్‌ఓడీ పేరు పక్కన "అడ్డంకి" అని రాసిన కాగితం ప్రింటర్ దగ్గర మిగిలిపోయి, ఆ హెచ్‌ఓడీకే దొరికింది. ఆ ప్రాజెక్టు మళ్లీ లేవలేదు. నిర్ణయాలు, షరతులు ఉన్న పేజీ ఎవరికైనా చూపించేలా ఉండాలి. అభిప్రాయాలు మీ తలలోనే ఉండాలి.

మాకు నాలుగో నెలకి డబ్బు కట్టేవాళ్ల డిశ్చార్జ్ రెండున్నర గంటలకి, ఇన్సూరెన్స్ వాళ్లది నాలుగున్నరకి వచ్చింది. ఆదివారాలు మాత్రం మారలేదు, ఎందుకంటే శనివారం సాయంత్రం జాబితా చెప్పేవాళ్లు ఉండరు. దానికి ఆ పెద్ద డాక్టరు గారి అధికారం కూడా సరిపోలేదు. కన్సల్టెంట్ల కాంట్రాక్టుల్లో వారాంతపు రౌండ్స్ ప్రస్తావన లేదు, దాన్ని మార్చగలిగింది మేనేజ్‌మెంట్ ఒక్కటే, వాళ్లు అప్పుడు సిద్ధంగా లేరు. ఆ నిర్ణయం పక్కన "సరే అనాల్సింది ఎవరు" అన్న గడి ఖాళీగా ఉంచి, ఆదివారాన్ని ప్రాజెక్టు పరిధిలోంచి తీసేశాం. మీ మ్యాప్‌లో కూడా ఆ గడి ఖాళీగా ఉన్న నిర్ణయాలు ఒకటో రెండో ఉంటాయి. ప్రాజెక్టు మొదలుకాకముందే వాటిని మీకు పని అప్పగించినవాళ్లకి చూపించి, ఆ పేరు రాయించుకోండి, లేదా దాన్ని పరిధిలోంచి తీసేయించుకోండి.